‘హాయ్ స్టూడెంట్స్’ కన్నా ముందు తప్పు జవాబు చూపించండి

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి మేడ మీద తొమ్మిది, పది తరగతుల పిలకాయలకు మ్యాథ్స్ ట్యూషన్ చెప్తాను. మా తమ్ముడు ఫోన్‌లో నిలువు వీడియోలు తీసి యూట్యూబ్ షార్ట్స్‌లో పెడుతున్నాడు. క్వాడ్రాటిక్ ఈక్వేషన్ చేశాక జవాబును సమ్, ప్రొడక్ట్ ఆఫ్ రూట్స్‌తో సరిచూసుకోవడం మీద 45 సెకన్ల వీడియో చేశాం. టైటిల్ ‘మ్యాథ్స్ సూపర్ ట్రిక్, 100% మార్కులు గ్యారంటీ’ అని పెట్టాం. మొదలు ఇలా ఉంది: ‘హాయ్ స్టూడెంట్స్, వెల్‌కమ్ టు అవర్ ఛానల్. నేను మీ మ్యాథ్స్ మేడమ్‌ని. ఈ రోజు వీడియోలో మనం ఎగ్జామ్‌కి చాలా ఉపయోగపడే ఒక ముఖ్యమైన టాపిక్ గురించి తెలుసుకుందాం.’ వ్యూస్ బాగానే కనిపిస్తున్నాయి గానీ ఎవరూ ఆఖరిదాకా చూడటం లేదని తమ్ముడు అంటున్నాడు. టైటిల్ ఏం పెట్టాలి? ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం:

అమ్మా, మీరు రాసిన మొదటి మాటల్ని గడియారం పెట్టుకుని, క్లాసులో చెప్పినట్టు నిదానంగా చదివితే దాదాపు పది సెకన్లు పడుతుంది. 45 సెకన్ల వీడియోలో అది ఇంచుమించు పావు వంతు. ఆ పది సెకన్లలో లెక్క లేదు, సమీకరణం లేదు, పిల్లవాడికి తెలియని సంగతి ఒక్కటీ లేదు. టిప్‌లో లోపమేమీ లేదు. దాని దాకా ఎవరినీ రానివ్వకుండా ఈ పలకరింపే అడ్డం పడుతోంది.

ముందు ఒక విషయం విడదీసి చూద్దాం. టైటిల్, మొదటి మాట అని మీరు రెండింటినీ కలిపి అడిగారు. అవి రెండూ చేసే పని వేరు, చూసే మనుషులు వేరు. షార్ట్స్‌లో వేలితో పైకి నెట్టుకుంటూ పోయే పిల్లవాడు మీ వీడియోని ఎంచుకుని రాలేదు. అంతకు ముందు ఏదో క్రికెట్ క్లిప్ చూశాడు, దాని తర్వాత మీరు వచ్చారు. వాడికి మొదట తెర నిండా కనబడేది మీ మొదటి ఫ్రేమ్, వినబడేది మీ మొదటి వాక్యం. టైటిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, పొడుగైతే సగంలో తెగిపోతుంది. దాన్ని చదివి ఆగేవాడు అరుదు. ఆగాలా పోవాలా అన్నది వాడు అప్పటికే తేల్చుకుని ఉంటాడు.

టైటిల్ పనికొచ్చేది వేరే చోట. పరీక్షకు ముందు రోజు రాత్రి వెతుకుపెట్టెలో లెక్క పేరు కొట్టే పిల్లకి అది కనబడాలి. మీ ఛానల్ పేజీలో వరసగా ఉన్న వీడియోల్లోంచి ఒకటి తీసుకునేవాళ్ళకి అర్థం కావాలి. మీ దగ్గర చదివే పాప తల్లి ఆ లింకును అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే, వీడియో తెరవకముందే అక్కడ కనబడేది టైటిలే. అందుకే మొదటి వాక్యం ఆపడానికి, టైటిల్ దొరకడానికి అనుకోండి. రెండు చోట్లా ఒకే మాట వాడితే ఒకటి వృథా అయినట్టే.

వ్యూస్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ అంకె మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, అది ఒక వ్యూ. మళ్ళీ మొదటి నుంచి ఆడితే ఇంకొకటి. ఇంతసేపు చూడాలన్న లెక్క అందులో లేదు. మీ ‘హాయ్’ వినగానే పైకి నెట్టేసినవాడు కూడా అందులో ఉన్నాడు. తమ్ముణ్ణి యూట్యూబ్ స్టూడియోలో Engaged views అనే అంకె చూడమనండి. కాస్త నిలబడి చూసినవాళ్ళ లెక్క అది. ఈ రెండు అంకెలకూ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే, మొదటి క్షణాల్లో అంతమంది జారిపోతున్నట్టు.

పలకరింపు లేకపోతే మర్యాదగా ఉండదేమో అని మీకు అనిపించవచ్చు. క్లాసులో అయితే నిజమే. అక్కడ పిల్లలు ఇంకా సర్దుకుని కూర్చుంటుంటారు, పుస్తకాలు తీస్తుంటారు, ఆ రెండు మాటలూ వాళ్ళను మీ వైపు తిప్పడానికి కావాలి. ఫోన్‌లో మీ ఎదురుగా ఉన్నది ఒక్కడే, వాడు అప్పటికే తెరను చూస్తున్నాడు. ఛానల్ పేరు కూడా అడుగున కనబడుతూనే ఉంటుంది కాబట్టి నోటితో చెప్పక్కర్లేదు. ట్యూషన్ పేరు బోర్డు పై మూలలో చిన్నగా రాసి పెట్టండి, వీడియో ఉన్నంతసేపూ ఉంటుంది. నోటితో చెప్పాలనుకుంటే ఆఖరి రెండు సెకన్లలో చెప్పండి. అప్పటిదాకా ఉన్నవాడికి మీరెవరో తెలుసుకోవాలని ఉంటుంది.

ఇక అసలు పని. మొదటి వాక్యం రాయాలంటే ముందు ఉదాహరణ ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు. ఆకట్టుకునే వాక్యం కోసం వెతికి, దాని కింద ఏదో ఒక లెక్క అతికిస్తారు. మీ టిప్‌కి సరిపోయే ఉదాహరణ దొరికితే వాక్యం దానంతట అదే వస్తుంది.

x² − 9 = 0 తీసుకున్నారనుకోండి. జవాబు 3, −3. పిల్లవాడు గుర్తులు తారుమారు చేసినా మళ్ళీ అవే రెండు వస్తాయి. ఇక్కడ మీ టిప్ పట్టుకోవడానికి తప్పే లేదు. x² + 5x + 6 లాంటిది తీసుకుంటే x² ముందు ఉన్నది 1 కాబట్టి, భాగించాలన్న సంగతి కనబడకుండా పోతుంది. అందుకని నేనైతే ఇది తీసుకుంటాను:

2x² − 5x + 3 = 0

దీన్ని విడగొడితే (x − 1)(2x − 3) = 0 వస్తుంది. జవాబు 1, 3/2. పిల్లలు ఇక్కడిదాకా సరిగ్గానే వస్తారు. ఆఖరి మెట్టులో తొందరపడి, బ్రాకెట్లో ఉన్న గుర్తునే దించేసి x = −1, x = −3/2 అని రాస్తారు. ఈ తప్పు మీ మేడ మీద ఎన్ని పుస్తకాల్లో దిద్దారో మీకే తెలుసు. లెక్కంతా సరిగ్గా చేసి చివరి గీతలో పోగొట్టుకునే తప్పు ఇది. పైనుంచి మళ్ళీ చదువుకున్నా కంటికి ఆనదు, ఎందుకంటే పై మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు మీ టిప్ పెట్టి చూద్దాం. రూట్స్ మొత్తం −b/a కావాలి. ఇక్కడ b అంటే −5, a అంటే 2, కాబట్టి రావాల్సింది 5/2. వాడు రాసిన −1, −3/2 కూడితే −5/2. దొరికిపోయింది. లబ్ధం సంగతి చూడండి: రావాల్సింది c/a, అంటే 3/2. వాడి తప్పు జవాబుల్ని గుణించినా 3/2 వస్తుంది, మైనస్ మైనస్ ప్లస్ అయిపోయింది కనుక. అంటే గుణించి మాత్రమే చూసుకున్న పిల్లవాడు తప్పు జవాబు కింద ధైర్యంగా గీత గీసి వెళ్ళిపోతాడు. కూడిక చూస్తేనే ఈ తప్పు బయటపడుతుంది. ఇంకొకడు 2తో భాగించడం మర్చిపోయి 1, 3 అని రాశాడనుకోండి. మొత్తం 4, లబ్ధం 3. రెండూ కలవవు, వాడూ దొరుకుతాడు.

ఈ ఒక్క లెక్కలో మీకు వీడియో మొత్తం ఉంది. మొదటి ఫ్రేమ్‌లో పైన సమీకరణం, దాని కింద తప్పు జవాబు, అంతే. మీ ముఖం కూడా అక్కర్లేదు, కావాలంటే పక్కన నిలబడండి. జవాబు కింద మీ వేలు గానీ ఎర్ర మార్కర్ గానీ ఉండాలి. మొదటి మాటలు ఇలా రాస్తాను:

‘ఈ జవాబు తప్పు. లెక్క మళ్ళీ చెయ్యకుండానే తెలిసిపోయింది. ఎలాగో చూడు నాయనా. ఈ రెండూ కూడితే మైనస్ ఐదు బై రెండు. రావాల్సింది ప్లస్ ఐదు బై రెండు.’

మొదటి వాక్యం మూడే మాటలు, ఒక సెకను దాటదు. బోర్డు మీద ఉన్నది తప్పు అని తెలియగానే, పదో తరగతి చదివేవాడు ఎవడైనా ఆ జవాబు వైపు ఒక్కసారి చూస్తాడు. వాడికి ఆ తప్పు వెంటనే కనబడకపోవచ్చు. కనబడకపోతేనే ఆగుతాడు. రెండో వాక్యం మీరు ఇవ్వబోయేదేమిటో చెప్పేసింది, దాచలేదు. నాలుగో, ఐదో వాక్యాలకు టిప్ సగం వాడి చేతికి వచ్చేసింది. ఇక్కడికి పన్నెండు సెకన్లలోపే అయిపోతుంది. మీ పాత వీడియోలో అప్పటికి మీరింకా టాపిక్ పేరు కూడా చెప్పలేదు.

‘స్టూడెంట్స్’ అని బహువచనంలో పిలవొద్దని నా మాట. ఫోన్ పట్టుకున్నవాడు ఒక్కడు. ‘చూడు’, ‘రాసుకో’, ‘కూడు’ అని ఒక్కడితో మాట్లాడినట్టు మాట్లాడండి. మీరు మేడ మీద పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చెబుతారో అలాగే రావాలి. ‘చూడు నాయనా’, ‘చూడమ్మా’ మీ నోటికి ఏది వస్తే అది. కెమెరా ముందు నిలబడగానే టీవీ యాంకర్ గొంతు తెచ్చుకునేవాళ్ళని చాలామందిని చూశాను. పిల్లలు ఆ గొంతు వినగానే ప్రకటన అనుకుంటారు.

ఇలాంటి వీడియోల్లో తరచూ వాడే రెండు మొదలులు మీకు తమ్ముడు చెప్పే అవకాశం ఉంది కాబట్టి ముందే అంటున్నాను. ఒకటి, ‘తొంభై శాతం మంది ఈ తప్పే చేస్తారు’. ఆ తొంభై ఎవరు లెక్కపెట్టారు? మీరు లెక్కలు చెప్పే మనిషి. లేని అంకెతో మొదలుపెడితే, తర్వాత బోర్డు మీద రాసే అంకెను ఎందుకు నమ్మాలి? ‘నా దగ్గర చాలామంది ఈ తప్పు చేస్తారు’ అనండి, అది నిజం, మీ నోటి నుంచి వస్తే బలంగానూ ఉంటుంది. రెండోది, ‘ఆఖరి వరకు చూడండి, చివర్లో ఒక సీక్రెట్ ఉంది’. ఏమీ ఇవ్వకముందే టైము అడగడం అది. పరీక్ష ముందున్న పిల్లవాడికి ఓపిక ఉండదు, ఉండనక్కర్లేదు కూడా.

తీసేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, చిన్నవే గానీ మొదటి ఫ్రేమ్‌ని అవే పాడు చేస్తాయి. షార్ట్స్ తెర మీద కుడి పక్కన లైక్, కామెంట్, షేర్ గుర్తులు నిలువుగా ఉంటాయి, అడుగున ఛానల్ పేరు, టైటిల్ ఉంటాయి. మీ తప్పు జవాబు బోర్డు కింది భాగంలో రాస్తే అది వాటి వెనక్కి పోతుంది. సమీకరణం, జవాబు రెండూ తెర మధ్య నుంచి పైకి, కాస్త ఎడమగా రావాలి. తీసిన తర్వాత ప్రైవేట్‌గా ఎక్కించి, మీ ఫోన్‌లో కాకుండా ఇంట్లో ఉన్న చిన్న ఫోన్‌లో తెరిచి చూడండి. −3/2 లో మైనస్ కనబడుతోందా? మీ వీడియో ప్రాణం ఆ చిన్న గీతలోనే ఉంది. మెరిసే తెల్ల బోర్డు మీద ట్యూబులైటు వెలుగు సరిగ్గా అక్కడే పడితే అది మాయమైపోతుంది. బోర్డును కొంచెం పక్కకు తిప్పినా, లైటు ఒకటి ఆర్పినా చాలు. సన్న పెన్ను వద్దు, లావు మార్కర్‌తో మామూలుగా రాసే సైజుకు రెట్టింపు రాయండి.

సౌండు ఆపేసి చూసేవాళ్ళూ ఉంటారు. బస్సులో వచ్చే పిల్లలు, పక్కన అమ్మ నిద్రపోతున్న పిల్లలు. వాళ్ళకోసం మొదటి వాక్యం అక్షరాల్లో కూడా ఉండాలి. తెర మీద ‘ఈ జవాబు తప్పు’ అని పెట్టండి, అంతకు మించి పెట్టొద్దు. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి, యాప్‌లో రెండు వరసలు దగ్గరగా పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిలో కలిసిపోతుంది. వరసల మధ్య ఎడం పెంచి, సన్న ఫాంట్ బదులు లావుది వాడండి. వెనక పాట పెట్టాలనుకుంటే మీ గొంతు మీదికి రాకుండా బాగా తగ్గించండి. నన్నడిగితే ఈ వీడియోకి పాటే వద్దు, మార్కర్ చప్పుడు చాలు.

ఇప్పుడు టైటిల్. ముందు ‘100% మార్కులు గ్యారంటీ’ అన్నది ఈ రోజే తీసేయించండి. టైటిల్‌ను వీడియో ఎక్కించాక కూడా మార్చుకోవచ్చు, ఎందుకైనా మంచిదని ఆగక్కర్లేదు. ఫలితాలకు హామీ ఇస్తూ కోచింగ్ సెంటర్లు ప్రకటనలు చేయడాన్ని ఆపడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. మీది చిన్న ట్యూషనే కావచ్చు, కానీ మీ వీడియో చూసి పిల్లను చేర్పించే తల్లికి ఆ మాట హామీలాగే వినబడుతుంది. చట్టం పక్కన పెట్టినా, అది నిజం కాదు. మీ టిప్ మార్కులు తెచ్చిపెట్టదు. చేతికొచ్చిన మార్కులు జారిపోకుండా పట్టుకుంటుంది. టైటిల్ అంతే చెప్పాలి.

‘సూపర్ ట్రిక్’ కూడా పోవాలి, కారణం వేరు. దాన్ని ఎవరూ వెతకరు. పరీక్ష ముందు పిల్లలు వెతుకుపెట్టెలో లెక్క పేరు కొడతారు, అదీ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో. కాబట్టి ఆ పేరు వాళ్ళు కొట్టినట్టే, టైటిల్ మొదట్లోనే ఉండాలి. తెగిపోయినా మిగిలేది అదే. నేను రాసేది ఇది:

Quadratic Equation జవాబు సరైనదేనా? మళ్ళీ చెయ్యకుండా చూసుకో | 10th Maths

యూట్యూబ్ టైటిల్‌కు 100 అక్షరాల దాకా చోటిస్తుంది. తెలుగులో గుడులు, కొమ్ములు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి మనకు ఆ చోటు తొందరగా నిండిపోతుంది. ఇది అందులో హాయిగా పడుతుంది. మొదటి ముక్క వెతికేవాళ్ళకు, మధ్య ముక్క దేనికి పనికొస్తుందో చెప్పడానికి, చివరిది ఎవరికో చెప్పడానికి. మొదటి వాక్యంలో ‘ఈ జవాబు తప్పు’ అన్నాం, టైటిల్‌లో ‘సరైనదేనా’ అని పిల్ల మనసులో ఉన్న ప్రశ్నే పెట్టాం. ఒకదాన్నొకటి తిరిగి చెప్పడం లేదు.

‘10 సెకన్లలో’ అని పెడదామా అని తమ్ముడు అడగొచ్చు. పెట్టొచ్చు, కానీ ముందు మీ దగ్గర మధ్యస్తంగా చదివే ఒక పిల్ల చేత గడియారం పెట్టి చేయించండి. భిన్నాలు కూడాలి కదా, నాకైతే పది సెకన్లలో అవుతుందన్న నమ్మకం లేదు. అర నిమిషం పడితే అర నిమిషం అని రాయండి, లేదా అంకె వదిలేయండి. సంవత్సరం కూడా పెట్టొద్దు. రూట్స్ మొత్తం −b/a అన్నది వచ్చే ఏడూ మారదు, పాత సంవత్సరం కనబడితే మాత్రం వచ్చే ఏడు పిల్లలు ముట్టుకోరు. తిరుపతి, కొర్లగుంట అన్నవి డిస్క్రిప్షన్‌లో, ఛానల్ పరిచయంలో పెట్టండి. ట్యూషన్ కోసం వెతికేవాళ్ళు అక్కడ చూస్తారు. ఈ వీడియో మదనపల్లెలో పిల్లకీ పనికొస్తుంది, టైటిల్‌తో దాన్ని వీధికి కట్టేయొద్దు.

టైటిల్‌లో ‘ఏ లెక్కైనా’ అనే మాట మాత్రం రానీయకండి. మొత్తం, లబ్ధం రెండూ కలిస్తే ఆ సమీకరణానికి ఆ జవాబులు కచ్చితంగా సరైనవే. కానీ ఆ సమీకరణమే తప్పుగా రాసుకుంటే? రైలు వేగం లెక్కలోనో, పొలం పొడవు వెడల్పుల లెక్కలోనో సమీకరణం తయారు చేసేటప్పుడే పొరపాటు జరిగితే, ఆ తప్పు సమీకరణానికి జవాబులు చక్కగా కలుస్తాయి. పిల్ల నిశ్చింతగా పేజీ తిప్పేస్తుంది. అక్కడ జవాబును తీసుకెళ్ళి ప్రశ్నలోని మాటల్లోనే పెట్టి చూసుకోవాలి. 45 సెకన్లలో ఇదంతా చెప్పలేరు. ‘ఇచ్చిన ఈక్వేషన్‌కి మాత్రమే, మాటల లెక్కకు కాదు’ అని ఒక్క వాక్యం వీడియో చివర్లో చెప్పండి, చాలు. ఆ ఒక్క వాక్యం వల్ల మీ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మధ్య భాగం గురించి మీరు అడగలేదు కాబట్టి త్వరగా చెప్తాను. మొదటి మాటల తర్వాత ఆ 5/2 ఎక్కడి నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపండి: ‘x ముందున్నది మైనస్ ఐదు, గుర్తు మార్చు, x స్క్వేర్ ముందున్న రెండుతో భాగించు.’ తర్వాత గుణించి చూపండి, తప్పు జవాబుకు కూడా 3/2 వచ్చేసిందని చూపండి, అందుకే రెండూ చూడాలని చెప్పండి. తర్వాత సరైన జవాబు 1, 3/2 రాసి రెండూ కలిశాయని టిక్ పెట్టండి. ఇంతే. పాత వీడియో కన్నా పొడుగు కాదు. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు గానీ, చోటుంది కదా అని ఒక టిప్‌ను సాగదీయొద్దు. నిజంగా ఒక పిల్ల చేసిన తప్పునే చూపాలనుకుంటే ఆ నోట్‌బుక్ పేజీ తీయకండి, మీ చేత్తో బోర్డు మీద రాయండి. పేరు కనబడకపోయినా, క్లాసులో మిగతావాళ్ళు చేతిరాత గుర్తుపట్టేస్తారు.

పెట్టిన నాలుగైదు రోజులకు స్టూడియోలో చూపరులు ఎక్కడిదాకా ఉన్నారో చూపే గీత తెరవండి. మొదటి రెండు మూడు సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడిపోతే మొదటి ఫ్రేమ్ పని చెయ్యలేదు. చాలాసార్లు కారణం మాట కాదు, అంకెలు సరిగ్గా కనబడకపోవడం. అక్కడ నిలబడి, −b/a చెప్పే చోట పడితే ఆ వివరణ తొందరగా అయిపోయింది, మొదలు ముట్టుకోవద్దు. మధ్యలో ఎక్కడైనా గీత పైకి లేస్తే సంతోషించండి, పిల్లలు వెనక్కి జరిపి మళ్ళీ చూస్తున్నారన్నమాట. లబ్ధం కలిసిపోయే చోట అలా లేవొచ్చని నా అంచనా. వీడియో మొదలు బాగుండి, వెతుకులాట నుంచి మాత్రం ఎవరూ రాకపోతే అప్పుడు టైటిల్ మార్చి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇంకొకటి మిగిలింది, అది ఈ వీడియోలో దూర్చొద్దు. సరిచూసుకునేటప్పుడే పిల్లవాడు −b/a లో మైనస్ మర్చిపోయి b/a చేశాడనుకోండి. −5/2 వస్తుంది. వాడి తప్పు జవాబుల మొత్తం కూడా −5/2. రెండూ కలిశాయి, తప్పు జవాబుకు టిక్ పడిపోయింది. సరైన జవాబు రాసిన పిల్ల ఇదే పొరపాటు చేస్తే ఇంకా ఘోరం, ఒప్పును కొట్టేసి తప్పు రాసుకుంటుంది. ఇది మీ రెండో వీడియో. అదే సమీకరణం, ఈసారి మొదటి ఫ్రేమ్‌లో 1, 3/2 మీద పెద్ద కొట్టివేత. మొదటి మాట: ‘సరైన జవాబునే కొట్టేసింది, చూడు.’ టైటిల్: Sum of Roots లో మైనస్ మర్చిపోతే ఏమవుతుంది? | 10th Maths. మొదటిది పెట్టిన వారానికి ఇది పెట్టి, స్టూడియోలో Related video అనే చోట దీనికి దాన్ని, దానికి దీన్ని జత చేయండి. షార్ట్స్ కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోవు.